మిద్దె మీద కుండీలకు అనుమతి: లెక్క చెప్పే ఉత్తరం

అపార్ట్‌మెంట్ కమిటీలకు వచ్చే కుండీల దరఖాస్తులు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. "టెర్రస్ మీద కొన్ని మొక్కలు పెంచుకోవాలనుకుంటున్నాం, దయచేసి అనుమతించగలరు" అని రెండు వాక్యాలు, కింద సంతకం. నెలవారీ సమావేశంలో దాన్ని చదవగానే ఎవరో ఒకరు "రేపు స్లాబ్ ఉరిస్తే ఎవరు పూచీ?" అంటారు. ఇంకొకరు "ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి కదా" అంటారు. మూడో మాట వచ్చేలోపే దరఖాస్తు పక్కకు వెళ్తుంది.

మొక్కలంటే కమిటీలో ఎవరికీ గిట్టదని కాదు. వాళ్ల భయాలు రెండు: ఒకటి బరువు, రెండోది నీరు. ఆ రెండు వాక్యాల దరఖాస్తులో ఈ రెండిటికీ జవాబు ఉండదు. ఎన్ని కుండీలు, తడిసినప్పుడు ఎంత బరువు, స్లాబ్‌లో ఏ భాగం మీద, కారిన నీళ్లు ఎటు పోతాయి, పై ఫ్లాట్‌లో చెమ్మ కనిపిస్తే ఏం చేస్తారు? వీటికి అంకెలతో జవాబు చెప్పే ఉత్తరం రాయడానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. ఒక టేపు, ఒక కాటా, ఒక సెలవు రోజు చాలు. అలాంటి ఉత్తరం వెనక ఉండే లెక్క ముందు చూద్దాం. తర్వాత ఉత్తరం మొత్తం ఇస్తాను.

మిద్దె ఎవరిది?

హైదరాబాద్‌లో మిద్దె తోట అనగానే చాలామందికి కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గుర్తుకొస్తారు. సొంత ఇంటి పైకప్పు మీద ఆయన పెంచిన తోట, దాని గురించి రాసిన రాతలు ఎంతోమందిని ఈ దారి పట్టించాయి. అయితే సొంత ఇంట్లో మిద్దె మనదే, దాని కింది గదీ మనదే. ఉరిస్తే మన మీదే ఉరుస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో పరిస్థితి వేరు. మూడో అంతస్తులో ఉండే మనిషి కుండీలు పెడితే, వాటి తడి దిగేది ఐదో అంతస్తులో ఉండే ఇంకొకరి పడకగదిలోకి.

2016 నాటి రెరా చట్టం టెర్రస్‌లను ఉమ్మడి స్థలాల జాబితాలో స్పష్టంగా చేర్చింది. కాబట్టి మిద్దెలో ప్రతి ఫ్లాట్ యజమానికీ వాటా ఉంది, కానీ ఫలానా మూల ఫలానా వారిదని విడదీసిన హద్దు లేదు. అందుకే ఉత్తరంలో "నా వాటా స్థలంలో పెట్టుకుంటాను" అని రాస్తే అది తగాదాకు మొదలవుతుంది. కొంత కాలానికి, కొంత స్థలంలో, ఎప్పుడంటే అప్పుడు తీసేయగలిగే వస్తువులు పెట్టుకునే వీలు కోరుతున్నాను అనాలి. ఆ ఒక్క మాటతో కమిటీ సగం భయం తగ్గుతుంది.

అడుగుకు 14 కిలోలు

మనుషులు ఎక్కి తిరిగే చదును పైకప్పు మీద అదనపు బరువుగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. మనకు అలవాటైన కొలతలో అది చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలు. స్లాబ్ సొంత బరువు, దాని మీద వేసిన గచ్చు ఇందులోకి రావు. పైన తిరిగే మనుషులు, ఆరేసిన బట్టలు, పెట్టిన సామాను, కుండీలు మాత్రం ఈ 14 కిలోల్లోనే సర్దుకోవాలి. కాబట్టి అందులో సగం, అంటే అడుగుకు 7 కిలోలు మించకుండా కుండీలు పెట్టుకుంటే మిగతా అవసరాలకు చోటు ఉంటుంది.

ఇప్పుడు ఒక గ్రో బ్యాగ్‌ను తూచి చూద్దాం. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున్న గుండ్రటి సంచిలో 9 అంగుళాల మేర నింపితే సుమారు 16 లీటర్ల మట్టి పడుతుంది. తడిసిన ఎర్రమట్టి లీటరుకు 1.8 కిలోల దాకా తూగుతుంది. అంటే ఒక్క సంచే 29 కిలోలు. అదే ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి నింపితే, తడిసినప్పుడు లీటరుకు 1.2 కిలోల చుట్టూ ఉంటుంది. మొక్క, ఊతకర్ర, సంచి అన్నీ కలిపి సుమారు 21 కిలోలు.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. ఈ సంచి ఆక్రమించేది దాదాపు ఒక చదరపు అడుగు. సంచిని సంచికి ఆనించి వరసలు వరసలుగా పేర్చితే, తేలికైన మిశ్రమంతో నింపినా అడుగుకు 21 కిలోలు పడుతుంది. అది 14ను దాటిపోయింది. ఎర్రమట్టితో నింపితే రెట్టింపు దాటుతుంది. కాబట్టి మట్టి తేలికైతే సరిపోదు, సంచుల మధ్య ఖాళీ కూడా కావాలి. స్లాబ్ తన మీద పడ్డ బరువును చుట్టుపక్కలకు పంచి బీమ్‌లకు చేరుస్తుంది కాబట్టి, ఖాళీలతో కలిపి ఆ పట్టీ మొత్తం మీద సగటు ఎంతో చూడాలి.

పాత రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి, నిమ్మ మొక్కో జామ మొక్కో పెట్టడం మరో అలవాటు. ఆ సగం డ్రమ్ములో వంద లీటర్ల ఎర్రమట్టి తడిస్తే 180 కిలోలు. అది నిలబడేది మూడు చదరపు అడుగుల లోపే. అపార్ట్‌మెంట్ మిద్దె మీద ఇంజినీరు చూసి చెప్పకుండా ఇలాంటివి పెట్టకూడదు.

ఎక్కడ పెడుతున్నామన్నదీ ముఖ్యమే. రెండు బీమ్‌ల నడుమ స్లాబ్ మధ్యభాగం బరువుకు ఎక్కువ వంగుతుంది. బీమ్‌ల దగ్గర, పిల్లర్ల దగ్గర తక్కువ. పై అంతస్తులో ఉన్నవారి ఇంట్లోకి వెళ్లి సీలింగ్ చూస్తే బీమ్‌లు ఎటు పోతున్నాయో తెలిసిపోతుంది. చాలా భవనాల్లో బయటి గోడ మీదుగా బీమ్ ఉంటుంది కాబట్టి పిట్టగోడ వెంబడి పొడుగాటి పట్టీ అనువైన చోటు. గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన స్లాబ్ భాగం మీద, చజ్జాల మీద, పిట్టగోడ పైన మాత్రం ఏ కుండీనీ పెట్టకూడదు. అలాగే వరసను పిట్టగోడకు పూర్తిగా ఆనించకూడదు. పిల్లలు సంచి ఎక్కితే గోడ ఎత్తు ఆ మేరకు తగ్గినట్టే. అడుగున్నర ఎడం వదిలితే ఆ ప్రమాదం తగ్గుతుంది, ఊడవడానికి చీపురూ దూరుతుంది.

నీరు కూడా బరువే

బరువు ఒక సమస్య, నీరు ఇంకో సమస్య అని దరఖాస్తుల్లో విడివిడిగా రాస్తుంటారు. నిజానికి మిద్దె మీద అన్నిటికన్నా పెద్ద బరువు నిలిచిన నీరే. ఒక చదరపు అడుగులో అంగుళం ఎత్తు నీళ్లు నిలిస్తే 2.36 కిలోలు. ఆరు అంగుళాలు నిలిస్తే 14 కిలోలు దాటుతుంది. స్లాబ్‌కు లెక్కలో ఇచ్చిన మొత్తం బరువు అక్కడితోనే నిండిపోతుంది, ఒక్క కుండీ లేకపోయినా.

2020 అక్టోబరు 13న హైదరాబాద్ బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసింది. అంటే ఏడున్నర అంగుళాలు. అలాంటి రోజున వాననీటి పైపు పూర్తిగా మూసుకుపోయి, నీళ్లకు వేరే దారి లేకపోతే, మిద్దె మీద అడుగుకు 17 కిలోలకు పైగా నీళ్లే నిలుస్తాయి. వాటం ఉన్న వైపు ఇంకా లోతుగా నిలుస్తాయి. పైపు ఎందుకు మూసుకుపోతుంది? రాలిన ఆకులు, సంచి రంధ్రాల్లోంచి జారిన సన్నమట్టి, కొబ్బరి పొట్టు, తెగిన దారం ముక్కలు జాలీ దగ్గర పేరుకోవడం వల్ల. కుండీల సొంత బరువు కన్నా, అవి వదిలే చెత్త పైపుకు అడ్డం పడటమే స్లాబ్‌కు పెద్ద ప్రమాదం. కమిటీ అడగాల్సిన మొదటి ప్రశ్న, ఉత్తరం ఇవ్వాల్సిన మొదటి హామీ దీని గురించే.

రెండో సంగతి, వాన లేని రోజుల్లో నెమ్మదిగా దిగే తడి. సంచిని నేరుగా గచ్చు మీద పెడితే దాని కింది భాగం ఏడాది పొడుగునా ఆరదు. ఆ తడి వాటర్ ప్రూఫింగ్ పొరలోని సన్నటి పగుళ్ల గుండా కాంక్రీటులోకి దిగి, ఇనుప చువ్వలను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెడుతుంది. పై ఇంటి సీలింగ్‌లో పెచ్చులు ఊడటం అలా మొదలవుతుంది. అంతకు చాలా ముందే గుర్తులు కనిపిస్తాయి. మొదట సున్నం రంగు మారిన మచ్చ, తర్వాత తెల్లటి ఉప్పులాంటి పొర, పెయింట్ బుడగలు, ఆపైన చువ్వ పోయిన దారిలోనే గోధుమరంగు గీత. ఆ గోధుమరంగు గీత వచ్చిందంటే నీరు ఇనుమును చేరినట్టే.

దీనికి విరుగుడు స్టాండు. గచ్చుకు ఆరు అంగుళాలు ఎత్తులో సంచులుంటే కింద గాలి ఆడుతుంది, ఎండ తగులుతుంది, చీపురు దూరుతుంది. అయితే సన్నటి ఇనుప కాలు నేరుగా గచ్చు మీద నిలిస్తే బరువంతా ఆ చిన్న చోటే పడి, వాటర్ ప్రూఫింగ్ పొర చిట్లుతుంది. ప్రతి కాలి కింద నాలుగు అంగుళాల మందపాటి రబ్బరు ముక్క వేయాలి. స్టాండును కదలకుండా చేయడానికని స్లాబ్‌లోకి బోల్టులు దించకూడదు. ఒక్క రంధ్రం చాలు, నీటికి దారి దొరుకుతుంది.

ముందే చేయాల్సిన పరీక్ష

ఉత్తరం ఇచ్చే ముందు చేయవలసిన పని ఒకటుంది. కోరుకున్న పట్టీ కింద ఎవరి ఫ్లాట్ ఉందో కనుక్కొని, వాళ్లింటికి వెళ్లి మాట్లాడాలి. నష్టం జరిగితే పడేది వాళ్లే కాబట్టి కమిటీ కన్నా ముందు వాళ్ల అంగీకారం కావాలి. వాళ్ల సీలింగ్‌ను తేదీ కనిపించేలా ఫొటోలు తీయాలి. ఉన్న మచ్చలు ఇప్పుడే రికార్డయితే, రేపు వచ్చిన మచ్చ కొత్తదో పాతదో అన్న వాదన ఉండదు.

తర్వాత నీళ్లు నిలిపే పరీక్ష. పట్టీ చుట్టూ రెండు అంగుళాల ఎత్తున బంకమట్టితో గట్టు కట్టి, అంగుళం మేర నీళ్లు నింపి 48 గంటలు వదలాలి. పై ఇంటి సీలింగ్‌లో చెమ్మ రాకపోతే ఆ చోటు పనికొస్తుంది. వస్తే, కుండీల మాట తర్వాత, ముందు కమిటీ ఆ చోట వాటర్ ప్రూఫింగ్ బాగు చేయించుకోవాలి. కుండీల దరఖాస్తు వల్ల పాత లోపం బయటపడితే అది భవనానికి మేలే.

ఇప్పుడు ఉత్తరం చూద్దాం. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు ఉన్న హైదరాబాద్ అపార్ట్‌మెంట్ ఒకటి ఊహించుకొని, మూడో అంతస్తు నివాసి రాసినట్టుగా దీన్ని రాశాను. అంకెలు మార్చుకొని ఎవరైనా వాడుకోవచ్చు.

ఉత్తరం

తేదీ: మే 10

గౌరవనీయులైన అధ్యక్షులు, కార్యదర్శి, కమిటీ సభ్యులకు,
ఫ్లాట్ ఓనర్స్ వెల్ఫేర్ అసోసియేషన్.

విషయం: టెర్రస్ తూర్పు వైపు కూరగాయల కుండీలు పెట్టుకోవడానికి ఏడాది పాటు అనుమతి కోరుతూ.

ఆర్యా,

నేను ఫ్లాట్ నంబరు 302లో ఉంటున్నాను. టెర్రస్ తూర్పు పిట్టగోడ వెంబడి 24 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల పట్టీలో కూరగాయలు, ఆకుకూరలు పెంచుకోవడానికి అనుమతి కోరుతున్నాను. టెర్రస్ అందరిదీ. ఈ స్థలం మీద నాకు ఏ ప్రత్యేక హక్కూ కోరడం లేదు. జూన్ నుంచి వచ్చే ఏడాది మే దాకా మాత్రమే అనుమతి ఇవ్వండి. కొనసాగించాలా వద్దా అన్నది అప్పుడు మీరు చూసి నిర్ణయించవచ్చు.

బరువు: 12 అంగుళాల గ్రో బ్యాగులు 14, 8 అంగుళాల మట్టి కుండీలు 6 పెడతాను. ఒక గ్రో బ్యాగును ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో నింపి, అడుగు నుంచి నీళ్లు కారేదాకా తడిపి తూచాను. దానికి మొక్క, ఊతకర్ర బరువు కలిపి 21 కిలోలుగా లెక్క వేసుకున్నాను. ఆ లెక్కన బ్యాగులు 294 కిలోలు, చిన్న కుండీలు ఒక్కోటి 7 కిలోల చొప్పున 42 కిలోలు, ఇనుప స్టాండ్లు 40 కిలోలు, మొత్తం 376 కిలోలు. పట్టీ విస్తీర్ణం 72 చదరపు అడుగులు కాబట్టి అడుగుకు సగటున 5 కిలోల పైచిలుకు పడుతుంది. మనుషులు తిరిగే పైకప్పుకు లెక్కలోకి తీసుకునే 14 కిలోల్లో ఇది సగం కన్నా తక్కువ. డ్రమ్ములు, సిమెంటు తొట్లు, పండ్ల చెట్లు పెట్టను. ఈ సంఖ్య పెంచాల్సి వస్తే మళ్లీ మిమ్మల్ని అడుగుతాను.

స్థలం: ఈ పట్టీ తూర్పు వైపు బీమ్ పక్కనే ఉంటుంది. ఒకే వరసగా పెడతాను, రెండో వరస ఉండదు. పిట్టగోడకు అడుగున్నర ఎడం వదులుతాను. వాటర్ ట్యాంకు నిచ్చెన, మెట్ల గది తలుపు, బట్టలారేసే తీగలు, వాననీటి పైపులు వీటిలో దేనికీ అడ్డం రాదు. దగ్గరి పైపు నోరు ఈ పట్టీకి 6 అడుగుల దూరంలో ఉంది. కొలతలతో గీసిన నక్షా జతచేశాను.

నీరు: సంచులన్నీ గచ్చుకు 6 అంగుళాలు ఎత్తులో స్టాండ్ల మీద ఉంటాయి. స్టాండు కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేస్తాను. స్లాబ్‌కు గానీ పిట్టగోడకు గానీ ఒక్క మేకు కూడా కొట్టను. మట్టి జారకుండా ప్రతి సంచి అడుగున రెండు పొరల షేడ్ నెట్ వేస్తాను. దోమలు పెరగకుండా కింద పళ్లేలు పెట్టను. నా ఫ్లాట్ నుంచి బకెట్లతో నీళ్లు తెచ్చుకొని మగ్గుతో పోస్తాను. ఉమ్మడి ట్యాంకుకు పైపు తగిలించను. పైపు నోటి మీద బోర్లించిన బుట్ట ఆకారపు జాలీని నా ఖర్చుతో పెట్టిస్తాను. వానాకాలంలో రోజూ ఉదయం, మిగతా రోజుల్లో వారానికోసారి ఆ జాలీని నేనే శుభ్రం చేస్తాను. నేను ఊళ్లో లేనప్పుడు ఈ పని చేయడానికి 304వ ఫ్లాట్ వారు ఒప్పుకున్నారు.

పై ఫ్లాట్: ఈ పట్టీ 502వ ఫ్లాట్ పడకగది పైన వస్తుంది. ఆ ఇంటివారితో మాట్లాడాను. వారి అంగీకార సంతకం జతచేశాను. మే 3 నుంచి 5 దాకా అంగుళం నీరు నిలిపి పరీక్షించాం. చెమ్మ కనిపించలేదు. పరీక్షకు ముందు, తర్వాత తీసిన సీలింగ్ ఫొటోలు కూడా జతచేస్తున్నాను.

బాధ్యత: 502లో కొత్తగా చెమ్మ కనిపించిందని చెబితే మూడు రోజుల్లో కుండీలన్నీ తీసి, పట్టీని ఆరనిచ్చి, మళ్లీ నీటి పరీక్షకు ఇస్తాను. కారణం నా కుండీలేనని తేలితే మరమ్మతు ఖర్చు నేను భరిస్తాను. దీనికి హామీగా తిరిగి ఇచ్చే డిపాజిట్ కింద రూ. 5,000 అసోసియేషన్ దగ్గర ఉంచుతాను. భవనానికి మరమ్మతు, పెయింటింగ్, సోలార్ పనులు వస్తే వారం ముందు చెబితే చాలు, స్థలం ఖాళీ చేస్తాను. ఇంకా ఎవరైనా కుండీలు పెట్టుకోవాలనుకుంటే నా పట్టీని తగ్గించుకోవడానికి సిద్ధం.

వచ్చే సమావేశంలో దీన్ని చర్చకు పెట్టమని కోరుతున్నాను. వీలైతే ముందే టెర్రస్ మీదికి వచ్చి స్థలం చూడండి.

ఇట్లు,
ఫ్లాట్ నంబరు 302 నివాసి

జత: టెర్రస్ నక్షా, తూకం ఫొటో, సీలింగ్ ఫొటోలు, 502వ ఫ్లాట్ వారి అంగీకార పత్రం.

కమిటీ ఏం చూడాలి?

ఈ ఉత్తరంలో కమిటీ వెళ్లి సరిచూసుకోలేని మాట ఒక్కటీ లేదు. సంచులు లెక్కపెట్టవచ్చు, ఒకటి తూచవచ్చు, పైపు దాకా దూరం టేపుతో కొలవవచ్చు. "జాగ్రత్తగా చూసుకుంటాం" అన్న హామీని ఎవరూ కొలవలేరు. ఆరు అంగుళాల స్టాండు ఉందో లేదో మాత్రం చూడగానే తెలుస్తుంది. అనుమతి పత్రంలో కమిటీ ఇవే అంకెలను షరతులుగా తిరిగి రాస్తే సరిపోతుంది.

"ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి" అన్న అభ్యంతరం న్యాయమైనదే. ఇరవై ఫ్లాట్ల వారూ 72 అడుగుల చొప్పున అడిగితే 1,440 చదరపు అడుగులు కావాలి. ట్యాంకులు, మెట్ల గది, బట్టల తీగలు, సోలార్ పలకలు పోగా చాలా మిద్దెల మీద అంత చోటు మిగలదు. కాబట్టి మొదటి దరఖాస్తు వచ్చినప్పుడే కమిటీ మిద్దె నక్షా మీద కుండీలకు పనికొచ్చే బీమ్ పట్టీలను గీసి, వాటిని అడిగినవారికి సమంగా పంచే పద్ధతి పెట్టుకోవాలి. స్లాబ్ మధ్యభాగం, పైపుల చుట్టూ మూడు అడుగులు ఎవరికీ ఇవ్వకూడదు.

కొన్ని భవనాలకు ఈ లెక్కలు చాలవు. ఇప్పటికే సీలింగ్‌లో పెచ్చులు ఊడుతున్నా, చువ్వలు బయటపడినా, స్లాబ్ వంగినట్టు కనిపించినా, ప్లానులో లేని గది పైన కట్టి ఉన్నా, ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూడాలి. 14 కిలోల లెక్క సరిగ్గా కట్టి, సరిగ్గా నిలిచి ఉన్న స్లాబ్‌కు వర్తిస్తుంది. తుప్పు పట్టిన స్లాబ్ ఎంత మోస్తుందో కాగితం మీద చెప్పలేం. ఇక సముద్ర తీరపు ఊళ్లలో గాలి సంగతి కలుపుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు పెద్ద చెట్లే కూలిపోయాయి. తీరంలో ఉన్నవారు పాదులు పాకించే ఎత్తయిన పందిళ్లు వేయకూడదు. తుఫాను హెచ్చరిక రాగానే చిన్న కుండీలను కిందికి దించుతామని, సంచులను స్టాండ్ల మీద నుంచి నేలకు దించుతామని ఉత్తరంలో రాయాలి.

చెమ్మ వస్తే తప్పు ఎవరిది?

అనుమతి వచ్చి, మొక్కలు పెరిగి, మొదటి వానాకాలంలో పై ఫ్లాట్ సీలింగ్‌లో మచ్చ వచ్చిందనుకుందాం. వెంటనే అందరి చూపూ కుండీల మీదికి పోతుంది. కానీ స్లాబ్‌లో నీరు దిగిన చోటే కిందికి కారదు. కాంక్రీటులోని పగుళ్ల వెంట కొన్ని అడుగుల దూరం పాకి, ఎక్కడో బయటపడుతుంది. అందుకే మచ్చ ఎప్పుడు పెరుగుతోందో ముందు గమనించాలి. వాన ఉన్నా లేకున్నా రోజంతా ఒకేలా చెమ్మగా ఉంటే ట్యాంకు పైపుల జాయింట్లను చూడాలి. వాన పడ్డ మర్నాడు పెరిగి, తర్వాత ఆరిపోతుంటే మిద్దె మీద ఎక్కడో పగులు ఉన్నట్టు. వాన లేని వారంలో కూడా, నీళ్లు పోసిన రోజుల తర్వాత పెరుగుతుంటే అప్పుడు కుండీలను అనుమానించాలి.

తేల్చుకోవడానికి మళ్లీ నీటి పరీక్షే దారి. కుండీలు తీసేసి, నాలుగైదు ఎండ రోజులు పట్టీని ఆరనిచ్చి, మొదట చేసినట్టే గట్టు కట్టి 48 గంటలు నీళ్లు నిలపాలి. మచ్చ తడిస్తే దారి ఈ పట్టీలోనే ఉంది. తడవకపోతే తప్పు వేరే చోట ఉంది, కుండీలు తిరిగి రావచ్చు. నాటకముందు చేసిన పరీక్ష, తీసిన ఫొటోలు అప్పుడు ఇద్దరికీ సాక్ష్యంగా నిలుస్తాయి. ఇరుగుపొరుగు మధ్య ఏళ్ల తరబడి సాగే మనస్పర్థ రెండు రోజుల పరీక్షతో తీరిపోతుంది.

వానాకాలం ముగిశాక కమిటీ నుంచి ఒకరు, పై ఫ్లాట్ నుంచి ఒకరు, కుండీలు పెట్టినవారు కలిసి ఒకసారి పైకి వెళ్లి మూడు చోట్లు చూడాలి: స్టాండ్ల కింది గచ్చు, పైపు జాలీ, పై ఇంటి సీలింగ్. పిట్టగోడ మూలల్లో రావి, మర్రి మొలకలు కనిపిస్తే వేరు సహా పీకి, పగులు పూడ్చాలి. పక్షుల రెట్టలతో వచ్చే ఈ మొలకలు కుండీలున్నా లేకున్నా మిద్దెను చీల్చగలవు. చూసినది రెండు వాక్యాల్లో రిజిస్టరులో రాసి ముగ్గురూ సంతకం చేస్తే, మరుసటి ఏడాది అనుమతికి వేరే ఉత్తరం అక్కర్లేదు.

మీ అపార్ట్‌మెంట్ మిద్దె మీద మొక్కలు పెంచాలనుకుంటే ముందు ఒక సంచి నింపి, తడిపి, తూచండి. పై ఫ్లాట్ వారి తలుపు తట్టండి. వాననీటి పైపు ఎక్కడుందో చూసి రండి. ఆ తర్వాతే ఉత్తరం రాయండి. కమిటీలో ఉన్నవారికీ ఒక మనవి. ఇలా లెక్కతో వచ్చిన ఉత్తరాన్ని చర్చ లేకుండా పక్కన పెట్టకండి. మీ మిద్దె పైపును వానాకాలంలో రోజూ ఉచితంగా శుభ్రం చేస్తానని ముందుకొచ్చిన మనిషి ఆ ఉత్తరం రాశారు.